రెండో పేజీ వరకే చూశాను

సండూరు బస్టాండు పక్కన నాదొక చిన్న డీటీపీ అంగడి. ఖనిజం లారీలు పోతుంటే మానిటరు మీద ఎర్ర దుమ్ము పేరుకుంటుంది. పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి మళ్లీ అంతే. ఇన్నేళ్లకు తుడవడం కూడా విసుగొచ్చింది.

మొన్న గనుల్లో పనిచేసే వాళ్లకు ఊపిరితిత్తుల పరీక్షల క్యాంపు జరిగింది. ఆ పట్టిక టైపు చేసే పని క్యాంపు నర్సమ్మ నాకిచ్చింది. కన్నడంలో నలభై పేజీలు. పేరు, వయసు, పని, ఆ తర్వాత చివర రెండు గడులు: దగ్గు ఉందా, మళ్లీ రావాలా. ఆ రెండింట్లో ఉండేది హౌదు, అంటే అవును, లేకుంటే ఇల్ల, అంటే లేదు. అంతే.

ఏ ఊరి కాగితాలు ఆ ఊరి ఆశా కార్యకర్తకు పోతాయి కాబట్టి ప్రతి ఊరూ కొత్త పేజీలో మొదలవ్వాలి. నా చేతికి పాత అలవాటు. ఊరు మారినచోటల్లా కంట్రోల్ ఎంటర్ కొట్టుకుంటూ పోయాను. గడుల పేర్లున్న పై వరుసను ఎంచుకుని, ప్రతి పేజీ పైనా అది మళ్లీ రావాలని టిక్కు పెట్టాను. పీడీఎఫ్ చేశాను.

తెరిచి చూశాను. మొదటి ఊరు మాదే. రెండో పేజీలో మా నాన్న పేరు. పేజీ పైన హెడ్డింగు చక్కగా ఉంది, ఆయన వరుస చివర ఇల్ల, ఇల్ల. మళ్లీ రానక్కర్లేదు. నా గుండె కుదుటపడింది. అన్నం ఉడికిందో లేదో చెప్పడానికి ఒక మెతుకు చాలదా అనుకుని ఫైలు పంపేశాను.

రెండు వారాలకు పక్క ఊరి ఆశా కార్యకర్త వచ్చింది. వెంట మా నాన్న వయసు మనిషి, లారీలకు లోడు ఎత్తే ఆయన. ఆమె ముఖం వాడిపోయి ఉంది.

"అక్కా, జిల్లా ఆసుపత్రికి రమ్మన్నోళ్లు మా ఊర్లో శానామంది పోల్యా. నర్సమ్మ నన్ను తిడతాండాది. ఈ కాగితం జూడు, పైన ఏమన్నా రాసుండాదా?"

చూశాను. పైన ఏమీ లేదు. పేజీ నేరుగా పేర్లతో మొదలైంది. ఆయన వరుసలో ఇల్ల, హౌదు.

"పోయినసారి క్యాంపు కాగితంలో మళ్లా రావాల్నా అనేది ముందుండె, దగ్గు వెనకుండె. నేనట్లే సదివితి. నీకు దగ్గుండాది, మళ్లా పోయే పన్లేదప్పా అని ఈయనకు చెప్తి."

"దగ్గు యాడిది తల్లీ నాకు?" అన్నాడాయన. "అయినా ఈడ దగ్గు ల్యానోడెవరు అని ఊరుకుంటి."

దగ్గు లేదు, కానీ ఎక్స్‌రేలో ఏదో కనిపించి రమ్మన్నారని నర్సమ్మ చెప్పిందట. ఆసుపత్రికి రమ్మన్న రోజు కూడా ఆయన లోడు ఎత్తుతూనే ఉన్నాడు.

ఫైలు తెరిచాక తప్పు తెలిసింది. పట్టిక మధ్యలో కంట్రోల్ ఎంటర్ కొడితే అది పేజీ మారడంతో ఆగదు, పట్టికే రెండు ముక్కలవుతుంది. నా టిక్కు మొదటి ముక్కకే, అంటే మా ఊరికే. మిగతా ఊళ్లన్నీ తల లేని పట్టికలు. నా మీద నాకే ఒళ్లు మండింది.

ఒక్కో విరుపూ తీసేసి ముక్కలన్నీ కలిపాను. ఈసారి ప్రతి ఊరి మొదటి వరుసలో, ఈ పేరాకు ముందు కొత్త పేజీ రావాలని పేరాగ్రాఫు సెట్టింగులో పెట్టాను. అలా పెడితే పట్టిక తెగదు. మళ్లీ పీడీఎఫ్ చేసి నలభై పేజీల పైభాగమూ ఒక్కొక్కటే చూశాను. అన్నిటికీ హెడ్డింగు ఉంది. కళ్లు మంటలెత్తాయి.

ఆయన పేజీ తీసి వేలు పెట్టి చదివాను. "మళ్లీ రావాలా. హౌదు. ఈ గురువారం తప్పకుండా పోప్పా."

"పోతాలేమ్మా." కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మీ నాయన గూడా గనిలోనే గదా చేసింది. ఆయన పేరుండాదా దీంట్లో?"

"ఉండాదప్పా."

"మళ్లా రమ్మన్యారా?"

"ల్యాదు."

"పోనీలే, మంచి మాట చెప్తివి," అన్నాడు. నిజంగానే సంతోషపడ్డాడు.

రెండో పేజీ దగ్గరే నేనెందుకు ఆగిపోయానో ఆయనకు చెప్పలేకపోయాను.