అలవాటైన పనికి అరవై పాయింట్లు

తెలుగువాళ్లు వలస వెళ్లి పనిచేసే పల్సానా దగ్గరి బట్టల మిల్లులో స్టెంటర్ మిషన్ తన మాట తప్ప ఇంకెవరి మాటా వినదని గంగారాం తాత నమ్మకం. తడి బట్టను రెండంచులా పట్టి సాగదీసి, వేడిగాలిలో ఆరబెట్టే మిషన్ అది. దాని ముందు ఇరవై ఆరేళ్లు నిలబడి నిలబడి తాత వడియంలా ఎండిపోయాడు, నోరు మాత్రం ఎండలేదు. మిల్లు ఇచ్చిన రెండు గదుల క్వార్టర్‌లో తాత భార్య రాజమ్మ మేకు కొట్టని గోడ లేదు.

కొత్త యజమాని వచ్చి పనులన్నిటికీ గ్రేడులు పెడతానన్నాడు. క్వార్టర్లు మూడో గ్రేడు నుంచే. గ్రేడులు తేల్చడానికి ఐదుగురి కమిటీ వేశారు. గొంతు పెద్దదని కార్మికులు తాతను పంపారు. రాయడానికి పెద్దగా ఏమీ లేకపోయినా జేబులో రెండు పెన్నులు పెట్టుకుని వెళ్లాడు.

ఆఫీసులో గ్రేడుల లెక్క చూసే ఆఫీసరు విజయరాణి బోర్డు మీద నాలుగు గళ్లు గీసింది. ఆమె పుట్టిందీ మరమగ్గాల కార్మికుల ఇంట్లోనే, ఇప్పుడు మాత్రం డబ్బున్నవాళ్ల పేట అడాజన్‌లో ఫ్లాటు.

“నైపుణ్యానికి నాలుగొందలు, బాధ్యతకు మూడొందలు, శ్రమకు నూటయాభై, పని జరిగే చోటుకు నూటయాభై. ఒక్కోదానికి ఐదు మెట్లు. ఏ పని ఏ మెట్టు మీదుందో చూసి పాయింట్లు కూడుదాం. మూడొందలు దాటితే రెండో గ్రేడు, ఐదొందలు దాటితే మూడోది. కాకా, ఒక్కటి గుర్తుపెట్టుకో. మనం తూచేది పనిని, మనిషిని కాదు.”

“సమజైంది బిడ్డా,” అన్నాడు తాత. కాలేదు.

మొదట బట్ట మీద రంగులద్దే స్క్రీన్లు కడిగే పని వచ్చింది. పన్నెండేళ్లుగా అది నర్సవ్వ పని. పొద్దంతా మడమల దాకా రంగునీళ్లు, చేతులకు జిగురు. నైపుణ్యం మొదటి మెట్టు, ఎనభై. బాధ్యత మొదటి మెట్టు, అరవై. శ్రమ మూడో మెట్టు, తొంభై. చోటుకు నాలుగో మెట్టు, నూటఇరవై అంది విజయరాణి. మొత్తం మూడొందల యాభై.

తాత కుర్చీలో ఎగిరిపడ్డాడు. తన స్టెంటర్‌కూ అదే నాలుగో మెట్టు అనుకుంటున్నాడు మరి.

“ఏంది మేడం, నీళ్లల్ల ఆడుకునే పని, నిప్పుల కాడ నిలవడే పని ఒక్కటేనా? దానికి అలవాటైపోయింది. గా నీళ్లల్ల నిలవడి రొట్టె తింటది. అలవాటైనంక కష్టమేంది?”

“అలవాటు మనిషిది కాకా. రేపు కొత్తామె వస్తే?”

“ఆమెకు గూడ అలవాటైతది!”

మేనేజర్ ముఖం వెలిగిపోయింది. పాయింట్లు తగ్గిస్తానన్న కార్మికుల ప్రతినిధిని ఆయన అంతవరకూ చూడలేదు. “లిఖో,” రాసుకో అన్నాడు గుమాస్తాతో. పదేళ్లకు పైగా ఒకరే చేస్తున్న పనికి చోటు కింద రెండో మెట్టు దాటకూడదని రాశారు. ముగ్గురు చేతులెత్తారు. అందరికన్నా పైకి లేచిన చెయ్యి తాతదే. నూటఇరవై అరవై అయింది. నర్సవ్వ రెండొందల తొంభై దగ్గర ఆగి మొదటి గ్రేడులో పడింది.

తాత క్యాంటీన్‌లో ఆ కథ మూడుసార్లు చెప్పి నవ్వించాడు. పక్కనే తన చెంబు కడుక్కుంటూ నర్సవ్వ మూడుసార్లూ విన్నది.

శుక్రవారం స్టెంటర్ వంతు. సొంత పనికి తానే పాయింట్లు వేసుకోకూడదని తాతను బయట కూర్చోబెట్టారు. పిలిచేసరికి బోర్డు మీద అంకెలున్నాయి. నైపుణ్యం రెండొందల నలభై, బాధ్యత నూటఇరవై, శ్రమ అరవై, చోటు అరవై.

“నాలుగొందల ఎనభై,” అంది విజయరాణి.

“చోటుకు అరవయ్యా? యాభై డిగ్రీల ఉడుకుత బిడ్డా!”

“ఇరవై ఆరేళ్లు కాకా. అలవాటైంది కదా? రాసుకున్న మాట అందరికీ ఒకటే. ఒకరికో కొలత పెడితే ఇక తూచడమెందుకు?”

జీతం తగ్గదు, పెరగడం ఆగుతుందని మేనేజర్ వివరించాడు. క్వార్టర్ ఖాళీ చేయడానికి రెండు నెలల గడువు. ఆ షరతు పెట్టించిన ప్రతినిధి దాన్ని కాదనలేడట. ఆ షరతు మొదట ఎవరికి తగిలిందో వాళ్లు, అంటే నర్సవ్వ, పదిహేను రోజుల్లో అప్పీలు చేస్తేనే మళ్లీ చూస్తారట.

తాత అప్పీలు కాగితం పట్టుకుని స్క్రీన్ల దగ్గరికి పరుగెత్తాడు.

“నర్సవ్వా, జర ఈడ సంతకం పెట్టు. నీకూ రెండో గ్రేడు వస్తది.”

“నీకు?”

“నాకు... ఇల్లు ఉంటది.”

నర్సవ్వ చేతులు నీళ్లలోంచి తియ్యలేదు. “మొదటి గ్రేడు నాకేం కొత్త గాదు గంగారామన్నా. నీకు గూడ అలవాటైతది తియ్.”

“ఎడ్డిదానా, నువ్వు గూడ లుక్సాన్ అయితవు!”

“అయితె కానీ. జర పక్కకు జరుగు, నీళ్లు పడతయ్.”

పదిహేను రోజులూ తాత ఆ కాగితంతో ఆమె వెంట తిరిగాడు. పదహారో రోజు పొద్దున రాజమ్మ గోడల నుంచి మేకులు పీకడం మొదలుపెట్టింది. కిందపడ్డ మేకులు తాత ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వేశాడు.