నుదుటి మీద మైనం

మా బావ తల మీద ఈగ వాలితే జారిపడి కాలు విరగ్గొట్టుకునేది. నా కళ్ళతో చూశాను. కుంటుకుంటూ కిటికీ దాకా వెళ్ళిన ఆ ఈగ మళ్ళీ మా వీధిలో కనబడలేదు. నమ్మకం లేకపోతే మా అక్కనడగండి. ఆవిడా నమ్మదు గానీ, నవ్వుతుంది.

వరస కుదిరినా కుదరకపోయినా ఆ తల మెరుపు చూసి వీధిలో అందరూ ఆయన్ని అద్దాల బావ అనేవారు. పెద్ద హోటల్లో కెప్టెన్ ఆయన. కెప్టెన్ అంటే ఓడ నడిపేవాడు కాదు. భోజనాల హాల్లో గుమ్మం దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళని నవ్వుతూ బల్ల దాకా తీసుకెళ్ళి, కుర్చీ లాగి కూర్చోబెట్టి, ఏం కావాలో వంగి అడిగేవాడు. ఆ వంగడంలోనే ఉంది ఆయన విద్యంతా. మరీ వంగితే బంట్రోతు, వంగకపోతే పోలీసు. బావ ఆ రెండింటికీ మధ్యలో ఆగేవాడు.

ఆయన ఆ హాల్లోకి తిన్నగా రాలేదు. మొదట వెనకాల గిన్నెలు తోమేవాడు. మనిషి ఒడ్డూ పొడుగూ, మంచి రూపం. ఒక్క జుట్టే శత్రువు. ముళ్ళపంది భయపడితే ఎలా ఉంటుందో, బావ నిద్రలేస్తే అలా ఉండేది. అప్పటి ముసలి కెప్టెన్ ఒకరోజు ఆయన్ని సింకు దగ్గర్నించి లాక్కెళ్ళి, తల మీద ముందు జెల్లు, దాని మీద మైనం లాంటి పొమేడు దట్టంగా పట్టించి, దువ్వెనతో నుదుటి నుంచి మెడ దాకా వెనక్కి లాగాడట. అద్దంలో ఎవరో దొరబాబు కనిపిస్తే బావ పక్కకి తప్పుకుని దారిచ్చాడు. తీరా చూస్తే అది తనే!

ఆ ముసలాయన వృత్తి రహస్యం కూడా చెప్పిపెట్టాడు. "తల రుద్ది కడగొద్దురా అబ్బాయ్. కొత్త పూత పాత పూత మీదే నిలుస్తుంది. పెనం ఎంత మసిబారితే అట్టు అంత బాగా లేస్తుంది కదా, అలాగే."

ఆ ముక్క బావకి వేదమైపోయింది. ఇంటికొచ్చాక దువ్వెన వేణ్ణీళ్ళలో ముంచి పైపైన దువ్వేవాడు, పొద్దున్నే దాని మీదే మళ్ళీ పూసేవాడు. షాంపూ అనేది పండక్కి పబ్బానికి తప్ప తల తాకేది కాదు. అక్క దిండుగలీబులు మార్చీ మార్చీ విసిగి, "మీ తల పెట్టిన చోట దీపం వెలిగించుకోవచ్చు, వత్తి ఒక్కటే తక్కువ" అనేది.

ఇలా చాలా ఏళ్ళు బాగానే గడిచింది. తర్వాత నుదుటి మీద, సరిగ్గా జుట్టు మొదలయ్యే గట్టు వెంబడి, సన్నటి గింజలు లేచాయి. ముందు చర్మం రంగులోనే ఉండేవి, చేత్తో తడిమితే తప్ప తెలిసేవి కాదు. తర్వాత కొన్నిటికి నల్లటి మొనలు తేలాయి, కొన్ని ఎర్రబడి చీము పట్టాయి. కణతల దాకా పాకి, జుట్టు లోపలికి కూడా వెళ్ళాయి. గోకితే గోళ్ళ సందుల్లోకి బూడిదరంగు పొట్టు వచ్చేది.

"వేడి" అంది అక్క. మా ఇళ్ళల్లో ఏ రోగానికైనా మొదటి పేరు అదే. "పొద్దస్తమానం వంటింటి సెగ, పైన లైట్ల సెగ. తలకి వేడెక్కింది. చలవ చెయ్యాలి." సెలవు దొరికినప్పుడల్లా ఆయన్ని పీట మీద కూర్చోబెట్టి, మాడు మీద నూనె పోసి, నుదుటి దాకా కారేలా మర్దనా చేసి, తలకి గుడ్డ చుట్టేది. బావ కళ్ళు మూసుకుని హాయిగా కునికేవాడు. మైనం మీద జెల్లు, జెల్లు మీద మైనం, ఆ పైన నూనె. ఇంటిమీద ఇల్లు కట్టినట్టు.

చలవ చేసిన కొద్దీ గింజలు పెరిగాయి. "చూశావా, లోపల వేడంతా బయటికి కక్కుతోంది" అని అక్క ఇంకో గిన్నెడు పోసింది.

ఒక మధ్యాహ్నం హాల్లో ఓ పెద్దావిడ దగ్గర బావ వంగాడు. ఆవిడ తలెత్తి నుదుటి వంక చూసి, రొట్టె పళ్ళాన్ని కాస్త ఇవతలికి జరుపుకుంది. అంతే. తిట్టినా బాగుండేది. మేనేజరు అది చూశాడు.

"కెప్టెన్ గారూ, ఒక్క మాట. మీ మీద నాకు గౌరవం. కానీ తినేవాళ్ళ కళ్ళ ముందు అది... అది తగ్గేదాకా లోపల ఉండండి."

"లోపలంటే?"

"లోపలే. గిన్నెల వైపు కాస్త చూసుకోండి. పైవాళ్ళు మళ్ళీ ఇలాంటిది చూస్తే అక్కడే ఉండిపోవాల్సొస్తుంది. నా చేతిలో ఏమీ ఉండదు."

బావ ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పినప్పుడు నేను అక్కడే ఉన్నాను. మామూలుగా అయితే ఏడిపించేవాణ్ణే. బావమరిది అన్నవాడు ఉన్నదే అందుకు. కానీ ఆయన గుమ్మంలో చెప్పులు విప్పడం మర్చిపోయి మంచం దాకా వచ్చేశాడు.

"పద బావా, చర్మం డాక్టరు దగ్గరికి" అన్నాను. అక్కా మాతో బయల్దేరింది.

డాక్టరమ్మ చిన్న వయసుది, పెద్ద గొంతుది. లైటు దగ్గరికి లాగి చూసి, దూదితో జుట్టు గట్టు వెంబడి ఒక్కసారి తుడిచి మా ముందు పెట్టింది. దూది మీద బూడిదరంగు ముద్ద.

"ఇదేంటండీ?"

"చుండ్రండి" అన్నాడు బావ.

"చుండ్రు కాదు. మీరు డబ్బాలోంచి తీసి పూసేది. ఏం రాస్తున్నారు తలకి?"

బావ వరసగా చెప్పాడు. ఆవిడ వింటూ వింటూ, "అయ్య బాబోయ్! మరి కడగరా?" అంది.

"కడిగితే పూత పోతుంది కదండీ!"

"పోవాలనే కదండీ కడిగేది! ఆ మైనం, నూనె చర్మం రంధ్రాలకి అడ్డం పడుతున్నాయి. లోపల్నుంచి రావలసిన జిడ్డు బయటికి రాక అక్కడే గడ్డకట్టి గింజవుతోంది. ఇవి మొటిమలు, అంతే."

"ఈ వయసులో మొటిమలేంటండీ, సిగ్గులేకుండా!" అంది అక్క. "వేడి కాదూ?"

"వేడి కాదమ్మా."

బావకి గిన్నెలు తోమిన రోజులు గుర్తొచ్చినట్టున్నాయి. "అంటే సింకు గొట్టం జిడ్డుతో పూడుకుపోయినట్టా?"

"అచ్చం అదే."

"పూడుకున్న సింకులో నూనె పొయ్యరు కదండీ?"

"ఎవరైనా పోస్తారా?"

బావ మెల్లిగా అక్క వైపు తిరిగాడు. అక్క గోడ మీద క్యాలెండరు చాలా శ్రద్ధగా చదువుకుంది.

డాక్టరమ్మ చెప్పినవి తేలిక మాటలే. పొమేడు డబ్బా మానెయ్యాలి. నూనె మానెయ్యాలి. తల షాంపూతో రుద్ది కడగాలి. నుదుటికి ఒక మందు సబ్బు నురుగు పట్టించి కాసేపుంచి కడగాలి. దిండుగలీబు, దువ్వెన శుభ్రంగా ఉంచాలి. గిల్లకూడదు. నెలా రెండు నెలలు ఓపిక పట్టాలి, మచ్చలు మాత్రం ఇంకొన్నాళ్ళుంటాయి. తేలిక మాటల్లో ఉన్న చిక్కేమిటంటే, అవి చెప్పినవాళ్ళకే తేలిక.

మొదటిసారి షాంపూ పెట్టిన రోజు బాత్రూం తూము మూడుసార్లు మూసుకుంది. ఆ నీళ్ళు పారిన కాలవలో కప్పలు వారం దాకా జారుతూనే ఉన్నాయని వీధి చివర వాళ్ళు నాతో అన్నారు. ఆ మందు సబ్బు తగిలి ఇంట్లో రంగు తువ్వాళ్ళన్నీ మచ్చలు మచ్చలుగా తెల్లబడ్డాయి. అక్క ఉతికే ఆవిడతో పోట్లాడి, తర్వాత విషయం తెలిసి కాఫీ ఇచ్చి రాజీపడింది.

జుట్టు మాత్రం లేచి నిలబడింది. పాపం, ఎన్నేళ్ళు పడుకుందో!

గింజలు ఒక్కొక్కటే చప్పబడ్డాయి. బావ గిన్నెల గదిలో పనిచేసుకుంటూ, హాల్లోంచి కుర్చీ జరిగిన చప్పుడు వినబడితే తలెత్తేవాడట. "బాగా లాగలేదు. నేల గీరుకుంది" అనేవాడట, వినేవాళ్ళు లేకపోయినా.

నుదురు శుభ్రపడ్డాక బావ వెళ్ళి మేనేజరు ముందు నిలబడ్డాడు. మేనేజరు నిజంగానే సంతోషించాడు. "భేష్! రేపట్నుంచి హాల్లోకి రండి. జుట్టు మాత్రం పాతలాగే, వెనక్కి."

"పొట్టిగా కత్తిరించుకుంటానండి."

"మీ జుట్టు కత్తిరిస్తే గిన్నెల బ్రష్షవుతుంది కదండీ! కెప్టెన్ తల వెనక్కి దువ్వే ఉండాలి. ఆ నియమం పెట్టింది నేను కాదు, నేనొచ్చేసరికే ఉంది."

డాక్టరమ్మని మళ్ళీ అడిగితే నీళ్ళతో చేసిన పల్చటి జెల్లు చెప్పింది. అది కూడా గట్టు నుంచి వేలెడు వెనక్కి రాయమంది, ఇంటికి రాగానే కడిగెయ్యమంది. బావ అలాగే వెళ్ళాడు. మొదటి బల్ల దాకా బాగానే ఉంది. రెండో బల్ల దగ్గర సూపు గిన్నె మూత తీశాడు, ఆవిరి కొట్టింది. నడినెత్తిన ఒక వెంట్రుక లేచింది, జవాబు తెలిసిన పిల్లాడు చెయ్యెత్తినట్టు. దాన్ని చూసి పక్కది. మూడో బల్లకి వెళ్ళేసరికి తరగతి తరగతంతా చేతులెత్తేసింది. బల్ల దగ్గర పిల్లలు నవ్వారు. మేనేజరు దూరం నుంచి వేలితో పిలిచాడు.

మర్నాడు పొద్దున బావ అద్దం ముందు నిలబడ్డాడు. "డబ్బా ఎక్కడ పెట్టావు?" అన్నాడు.

"పారేశా" అంది అక్క.

"పారేస్తే నీ మొహం ఇలా ఉండదు. ఇవ్వు."

"వెనకాలే ఉండకూడదూ? గిన్నెలు మిమ్మల్నేమన్నాయి?"

"ఏమీ అనలేదు. అదే బాధ. ముందు హాల్లో మనుషులు మాట్లాడతారే."

డాక్టరమ్మది నిజం, మేనేజరుది నియమం, అక్కది భయం. బావకి మిగిలింది జుట్టొక్కటే. అక్క బియ్యం డబ్బా వెనక నుంచి తీసి ఇచ్చింది. ఆయన వేళ్ళతో మైనం తీసి, అరచేతుల్లో కరిగించి, నుదుటి దగ్గర క్షణం ఆగి, పూసేశాడు.

గింజలు మళ్ళీ వచ్చాయి. కాకపోతే ఈసారి ఇంటికొచ్చిన వెంటనే తల కడగడంతో గట్టు దాటి పాకలేదు. పూర్తిగా పోలేదు, పూర్తిగా గెలవలేదు. ఏడాదికోసారి పెద్ద సెలవులో నుదురు నున్నబడేది, పనిలోకెళ్ళిన కొన్నాళ్ళకే మళ్ళీ గరుకెక్కేది. పెద్దావిడలు వస్తే వంగడం కాస్త తగ్గించి, లైటు వెనక నుంచి పడేలా నిలబడడం నేర్చుకున్నాడు. ఉద్యోగం విరమించేదాకా అలాగే నెట్టుకొచ్చాడు.

ఆ రోజుల్లో ఓ సాయంత్రం నేను వెళ్ళేసరికి అక్క ఆయన తల బక్కెట మీదకి వంచి నురుగు రుద్దుతోంది. పక్కన తెల్ల మచ్చల తువ్వాలు.

"మంటగా ఉందా?" అంది.

"నన్నడుగుతావేం?" అన్నాడు బావ, నీళ్ళు కారుతున్న మొహంతో. "ఆ నుదురు హోటలు వాళ్ళది. రాత్రి పూట కడిగిపెట్టమని మనకిచ్చారు."

అక్క నవ్వలేదు. చెంబుతో ఇంకాసిని నీళ్ళు పోసింది.