అన్నీ అతి అత్యవసరాలే

మా ఆడపిల్లల బడి మంచిర్యాలకు బస్సులో వెళ్లేంత దూరంలో ఉంది. అక్కడ నేను తెలుగు చెప్పేదాన్ని. ప్రధానోపాధ్యాయినికి కంప్యూటర్ అంటే పడదు కాబట్టి బడికొచ్చే మెయిళ్లు చూసే పని కూడా నా మెడకే చుట్టుకుంది.

జిల్లా ఆఫీసు నుంచి రోజూ కుప్పలుగా మెయిళ్లు వచ్చేవి. అన్నింటికీ ఒకటే శీర్షిక: ‘అతి అత్యవసరం’. తెరిస్తే ఒకదాంట్లో మొక్కలు నాటిన ఫొటోలు పంపమని, ఇంకోదాంట్లో నినాదాల పోటీ గురించి. పాఠాలు వదిలి పరుగెత్తి చూసి, చూసి, చివరికి సాయంత్రం ఒకేసారి చూడటం అలవాటు చేసుకున్నాను. ఒక్కోసారి అదీ కుదిరేది కాదు.

ఆ ఏడాది పదో తరగతిలో చూపు బాగా తగ్గిన అమ్మాయి ఒకతె ఉండేది. తండ్రి బొగ్గుబావిలో పనిచేసేవాడు. పాఠం ఒక్కసారి వింటే చాలు, అప్పజెప్పేది. పరీక్షలో ఆమె చెబుతుంటే రాసిపెట్టడానికి ఒక మనిషిని ఇవ్వాలి. అందుకు అనుమతి తీసుకోవాలి. కాగితాలన్నీ సిద్ధం చేసుకుని, ఎప్పుడు పంపమంటారా అని ఎదురుచూస్తున్నాం.

పంపమనే అన్నారు. ‘ఫార్వర్డ్: ఫార్వర్డ్: అతి అత్యవసరం – సంబంధించి’ అనే శీర్షిక కింద, జతచేసిన ఉత్తరం రెండో పేజీ చివర. నేను తెరిచేసరికి గడువు నిన్నటితో అయిపోయింది.

ఒళ్లు మండిపోయింది. మర్నాడు పొద్దున్నే ఆ కాగితాలు పట్టుకుని మొదటి బస్సెక్కి జిల్లా ఆఫీసుకు వెళ్లాను. పరీక్షల విభాగం చూసే అధికారి తాపీగా అన్నాడు:

“మేం పంపినం మేడం. మీరు సూడలే. ఇగ మేమేం జేస్తం? పైన అత్యవసరం అని రాసినం గదా!”

ఫోన్ తీసి ఆయన ముందు పెట్టాను. తెర నిండా వరసగా అవే మాటలు. తర్వాతి అక్షరాలు ఫోన్‌లో కనిపించవు, మధ్యలోనే తెగిపోతాయి.

“గిండ్ల పరీక్షది ఏదో మీరే తెరువకుండ చెప్పుండ్రి సారూ. మొక్కల ఫొటోలు గూడ అతి అత్యవసరమేనా?”

ఆయన కొంచెంసేపు అటూ ఇటూ జరిపి చూశాడు. చెప్పలేకపోయాడు. “పై నుంచి ఎట్లొస్తే అట్లనే కిందికి పంపుతం మేడం,” అన్నాడు గొంతు తగ్గించి. ఆ మాటకు నాకు ఇంకా కోపమొచ్చింది. కింద ఉన్న బడులన్నీ వెతుక్కుని చావాలా? పంపే ముందు ఒక్క వాక్యం మార్చడానికి ఎవరి చేతులు పడిపోయాయి?

ఏ పరీక్షా కేంద్రంలో ఎవరికి ఏ సహాయం ఇవ్వాలో చెప్పే జాబితా మర్నాడు ఖరారవుతుందట. ఆలోగా రాష్ట్ర కార్యాలయం ఒప్పుకుంటే ఇంకా దారి ఉందన్నాడు. మెయిల్ రాయడం మొదలుపెట్టాడు. శీర్షిక: ‘వినతి – సంబంధించి’.

“ఆగుండ్రి సారూ! గిది ఎవలు తెరుస్తరు?”

“మరేం రాయాలె?”

“ఎప్పటిలోపు, ఏం కావాలె, ఎవలకు. తారీఖు ముందుగాల పెట్టుండ్రి.”

“పై ఆఫీసుకు మనం గడువు పెట్టుడేంది మేడం? కోపం జేస్తరు.”

“గడువు మనది గాదు, వాళ్ల జాబితాదే. గదే రాయుండ్రి.”

గొణుగుతూనే రాశాడు: ‘రేపు జాబితా ఖరారు – ఆలోగా అనుమతి కావాలి: చూపు లోపమున్న పదో తరగతి విద్యార్థినికి పరీక్షలో రాసిపెట్టే సహాయం’. ముందు నా ఫోన్‌కు పంపించమన్నాను. తెర మీద ‘రేపు జాబితా ఖరారు – ఆలోగా అనుమతి’ వరకు తెగకుండా కనిపించింది. అప్పుడు పైకి పంపించాడు. బడి పేరు, కాగితాలు లోపల ఉన్నాయి.

ఆయన తెప్పించిన చాయ్ తాగకుండానే కూర్చున్నాను. అది చల్లారకముందే రాష్ట్ర కార్యాలయం నుంచి ఫోన్ వచ్చింది. వైద్యుల పత్రం గురించి ఒక ప్రశ్న అడిగారు. మధ్యాహ్నానికి అనుమతి వచ్చింది.

సంతోషించాల్సింది. కానీ బస్సులో తిరిగొస్తూ కూడా నా కోపం చల్లారలేదు. ఇలా బస్సెక్కి వచ్చేవాళ్లు లేని బడుల్లో ఇలాంటి పిల్లలు ఎంతమంది సాయం అందక ఉండిపోయారో ఎవరికి తెలుసు?

బడికి చేరగానే ఆ అమ్మాయి ఎదురొచ్చింది. జరిగింది చెప్పాను. ఆమె నవ్వలేదు.

“నాకు సదువు రాకపోతే ఫెయిల్ అయిత టీచర్, ఫికర్ లేదు. గని మెయిల్ తెరువకపోతే నేనెందుకు ఫెయిల్ కావాలె?”

ఆ ప్రశ్నను తర్వాత జిల్లా ఆఫీసులో జరిగిన టీచర్ల సమావేశంలో అందరి ముందు నిలబడి యథాతథంగా చెప్పాను. వెనక వరసలో ఎవరో, “గింత చిన్న ముచ్చటకు గింత లొల్లా?” అని నవ్వారు. పరీక్షల అధికారి మాత్రం నవ్వలేదు. ఆ తర్వాత ఆయన విభాగం నుంచి వచ్చే మెయిళ్లలో ముందు తారీఖు, దాని పక్కనే పని ఉండేవి. గడువు లేని వాటికి ‘సమాచారం మాత్రమే’ అని రాసేవాడు. మిగతా విభాగాలు మారలేదు.

అమ్మాయి పరీక్షలు రాసింది. మంచి మార్కులతో పాసై కరీంనగర్‌లో ఇంటర్‌లో చేరింది.