రాతి పీఠాల వెనక నంబర్

మా నాయన విగ్రహం చెక్కడం పూర్తయ్యాక పీఠం వెనక తన ఫోన్ నంబర్ చెక్కేవాడు. ఆళ్లగడ్డ శిల్పుల్లో చాలామంది పేరు చెక్కుకుంటారు. ఆయన మాత్రం నంబరే. ఎందుకని అడిగితే, "పేరుతో ఏం పనిరా? రాయికి దెబ్బ తగిల్తే పిలిచే దారి ఉండాల" అనేవాడు.

ఆ దారిని మూసేసింది నేను. మా వీధిలో ఇప్పటికీ చాలామంది వేరే కథ నమ్ముతున్నారు. ఆ కథ పుట్టించింది కూడా నేనే కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాయనకు చేతులు వణకడం మొదలై, చెవులు మందగించాక, ఆయన ఫోన్ నా దగ్గరికి వచ్చింది. నాకు గ్రానైట్ పలకల కొట్టు ఉంది. బేరం మధ్యలో ఎవరో ఫోన్ చేసి, మీ నాయన చేసిన నందికి చెవి విరిగిందనో, అమ్మవారి చేతిలో శూలం వదులైందనో చెప్పేవాళ్లు. విసుగొచ్చేది. ఆ ఫోన్ రీచార్జ్ గడువు అయిపోయినప్పుడు నంబర్ అలాగే ఉంచి వేరే కంపెనీకి మారుద్దామని సిమ్‌ల కొట్టుకు వెళ్లాను. కొట్టతను మంచిగానే చెప్పాడు.

"పోర్ట్ చెయ్యాలంటే ఈ నంబర్ బతికుండంగానే మెసేజ్ పెట్టాల అన్నా. కోడ్ వస్తాది. అది తీస్కోని నాయన్ని పిల్చుకోని రా. సిమ్ ఆయన పేరుమీద కదా ఉండేది."

నాయనను స్కూటర్ ఎక్కించి తీసుకెళ్లడానికి బద్ధకించాను. నా పేరు మీద కొత్త సిమ్ తీసుకుని ఇంటికి వచ్చేశాను. పాత నంబర్‌కు హెచ్చరికలు వచ్చాయి. చదివాను, వదిలేశాను. కొన్నాళ్లకు ఆ సిమ్ మూగబోయింది. కొట్టు ప్రశాంతంగా ఉంది. నాయన అడిగితే "కంపెనీవాళ్లు కట్ చేసినారు నాయనా" అన్నాను.

వాడకుండా వదిలేసిన నంబర్‌ను కంపెనీ రద్దు చేసి, కొన్ని నెలలు పక్కన పెట్టి, తర్వాత ఇంకొకరికి ఇస్తుందని నాకు తెలియదు. నాయన బ్యాంకు ఖాతాను నా ఫోన్‌లో చూసుకుందామని ప్రయత్నించిన రోజు తెలిసింది. ఓటీపీ పంపామని తెర మీద కనిపించింది. ఎంతసేపు చూసినా రాలేదు. పాత నంబర్‌కు ఫోన్ చేస్తే గంట మోగింది! ఎవరో ఆడమనిషి ఎత్తింది.

"అక్కా, ఇప్పుడు నీకొక కోడ్ వచ్చింటాది. అది మాదే. చెప్పక్కా."

"చెప్పను."

"మా నాయన నంబరే అది."

"ఈడ అందరూ ఎవురికో నాయనలే అన్నా. కోడ్ ఎవురడిగినా చెప్పొద్దని రోజూ ఈ ఫోన్లోనే చెవుల్లో ఊదుతాండారు. నీకు చెప్తే రేపు మీ నాయనొచ్చి నన్నడగడా?"

"నువ్వు దొంగదానివి."

"దొంగదాన్నైతే నీ ఫోన్ ఎందుకెత్తుతా? అనుమానముంటే నంద్యాలకు రా. స్టేషన్ వెనక జాకెట్లు కుట్టేదాని ఇల్లు యాడంటే ఎవురైనా చూపిస్తారు."

పెట్టేసింది. ఆ సాయంత్రానికే మా వీధంతా, బంధువులంతా, నాయన నంబర్‌ను నంద్యాలలో ఒకామె కొట్టేసిందనీ, కోడ్ చెప్పకుండా ఆడిస్తోందనీ చెప్పుకున్నారు. చెప్పింది నేను. ఆమె కొనుక్కున్నది దుకాణంలో అమ్మిన మామూలు సిమ్ అని అప్పటికే నాకు అర్థమైంది.

బ్యాంకులో పని సులువుగానే అయింది. నాయన స్వయంగా వచ్చి, గుర్తింపు చూపించి, కాగితం మీద సంతకం పెడితే నంబర్ మార్చారు. ఆయన సంతకం వణికింది కానీ పాతదానితో సరిపోయింది. అసలు భయం ఆధార్ దగ్గర. దానికీ పాత నంబరే ఉంది. మార్చాలంటే వేలిముద్ర పెట్టాలి. ఇన్నేళ్లు రాయి పట్టిన వేళ్లకు గీతలేవి?

నంద్యాల ఆధార్ కేంద్రంలో పది వేళ్లూ ఒక్కొక్కటిగా పెట్టించారు. యంత్రం ఒక్కటీ ఒప్పుకోలేదు. అక్కడి అమ్మాయి నాయన అరచేతిని తిప్పి చూసి, "పెద్దాయనా, నీ వేళ్లు నున్నగా పలక మాదిరి ఉండాయి" అంది. నాయన నవ్వాడు. వేలిముద్ర పడని చోటల్లా ఇన్నాళ్లూ ఆ ఫోన్‌కు వచ్చే కోడే ఈయన ఈయనేనని చెప్పింది. దాన్నే నేను పారేశాను.

"కళ్లు చూద్దాం" అంటూ ఆ అమ్మాయి దుర్భిణిలాంటి పరికరం ఆయన ముఖానికి ఆనించింది. ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. మొదటిసారి కాలేదు. రెప్ప ఎత్తి పట్టుకోమంది. నేనే పట్టుకున్నాను. అంత దగ్గరగా మా నాయన కళ్లలోకి నేనెప్పుడూ చూడలేదు. కంటిపాప చుట్టూ గోధుమరంగు పోగులు, సన్నగా, లెక్కలేనన్ని. ప్రపంచంలో ఇంకెవరికీ ఆ అల్లిక ఉండదట. తెర మీద పచ్చ గుర్తు వెలిగింది. నేను రెప్ప వదలడం మర్చిపోయాను.

"వదలరా, నీళ్లు కారతాండాయి" అన్నాడు నాయన.

కొన్ని రోజుల్లో కొత్త నంబర్ ఎక్కుతుందని చెప్పి రసీదు ఇచ్చారు. ఇక ఇంటికేనని నేననుకున్నాను. బయటికొచ్చాక నాయన ఆగాడు.

"నా నంబర్ ఎత్తే ఆయమ్మ ఈడనే కదా ఉండేది? పోదాం పా."

ఆమె కుట్టు మిషన్ దగ్గర కూర్చుని ఉంది. నేను ఎవరో చెప్పగానే "ఓ, దొంగను చూడనీకి వచ్చినావా అన్నా?" అంది. నాయనను చూశాక మాత్రం లేచి కుర్చీ లాగింది. నంబర్ తిరిగి ఇచ్చేస్తావా అని అడిగాను. "వద్దంటానా? షాపులో అడిగినా. నేను వదిలేసినా అది మీకే వస్తాదని నమ్మకం ల్యాదంట. మళ్లీ ఇంకెవురి చేతిలోనో పడతాది. దానికన్నా నా దగ్గరుండేది మేలు కదా?"

మాట్లాడుతుండగానే ఫోన్ మోగింది. ఆమె విసుక్కోలేదు. "ఏ ఊరప్పా? ఏ దేవుడు? యాడ దెబ్బ తగిలింది?" అని, డాక్టరమ్మ రోగిని అడిగినట్టు అడిగింది. అటువైపు రుద్రవరం దగ్గరి పల్లె మనిషి. నాగప్రతిమకు పగులు కనిపిస్తోందట.

"రోజూ చేస్తారన్నా. కన్నడం మాట్లాడేటోళ్లు గూడా. ఆళ్లగడ్డకు పోండని చెప్తాండా. ఇయ్యాల మాత్రం చేసినాయనే ఈడుండాడు" అంటూ ఫోన్‌ను నాయన చెవి దగ్గర పెట్టి, అవతలి మాటను గట్టిగా మళ్లీ చెప్పింది.

నాయన కళ్లు మూసుకున్నాడు. "పగులు ఎడమ పడగ కింద, ఏటవాలుగా ఉందా?"

అవతలి మనిషి గట్టిగా అరిచాడు. "అవును పెద్దాయనా! చూడకుండా ఎట్ల చెప్పినావ్?"

"ఆ రాయిలో ఆడొక పొర ఉంది. చెక్కేటప్పుడే ఉలికి తెలిసింది. పీఠం చుట్టూ వాన నీళ్లు నిలవనీకుండా చూడండి. ఇంకేం కాదు."

ఎన్నో ఏళ్ల కిందట ఇల్లు దాటిపోయిన రాయి. దాని లోపలి పొర ఈ ముసలాయన తలలో ఇంకా ఉంది. ఇలాంటివి ఎన్ని ఊళ్లలో, ఎన్ని రాళ్లలో! అవన్నీ వచ్చి చేరే ఒకే ఒక్క దారి ఆ చిన్న గదిలో, గుడ్డముక్కల మధ్య వెలుగుతోంది. నా కొట్టులో మోగినన్నాళ్లూ నాకది గోలే అనిపించింది.

"నాయనా, కంపెనీవాళ్లు కట్ చెయ్యలా. నేనే వదిలేసినా" అన్నాను.

ఆయనకు వినపడలేదు. ఆమెకు వినపడింది. ఫోన్ వచ్చినప్పటిలాగే ఆయన చెవి దగ్గరికి వంగి, నా మాటను గట్టిగా, ఒక్క అక్షరం మార్చకుండా చెప్పింది.

నాయన నావైపు తిరిగాడు. "నాకు చెప్పినావ్ సరే. ఈయమ్మను దొంగంటివి కదా వీధిలో. ఆడ ఎవురు చెప్పాల?"