కోల్డ్ స్టోరేజీలో నా లైసెన్సు

నా యాభయ్యో పుట్టినరోజున మా ఇంట్లో పాయసం చేయలేదు. ఆ రోజు మా ఆవిడ వాళ్ల అన్నయ్య పొగాకు ఆరబెట్టే బేరన్ దగ్గర పని చూడటానికి పొదిలి వెళ్లింది. సాయంత్రం ఫోను చేసి గేదెకు కుడితి పెట్టారా అని అడిగింది, ఫోను పెట్టేసింది. ఈ సంగతి నేను ఆ ఏడాదంతా కనీసం వారానికోసారి గుర్తుచేశాను. మనిషికి యాభై నిండేది ఒక్కసారే. అరవై నిండేదీ ఒక్కసారే అని ఆమె అంటుంది, అది వేరే విషయం.

ఇలాంటివి నేను మరచిపోను. ఆ మరచిపోకపోవడమే చివరికి నా లైసెన్సును కాపాడింది. ఆమె మాత్రం ఇప్పటికీ ఒప్పుకోదు.

లైసెన్సు ఎలా పోయిందో ముందు చెప్పాలి. పోయిందనే మాట నేను వాడను గానీ, చదివేవాళ్లకు అర్థం కావాలి కదా. మాది దర్శి పక్క పల్లె. పొలం అక్కడే ఉంది, కాపురం మాత్రం చాలా ఏళ్లుగా మంగళగిరిలో. కిందటేడు మిర్చి గుంటూరు యార్డుకు తెచ్చినప్పుడు ధర బొత్తిగా లేదు. సరుకంతా కోల్డ్ స్టోరేజీలో పెడదామని అనుకున్నాం. టిక్కీలు కుట్టించే ముందు ఒక్కో దాంట్లోకి వంగి, చెయ్యి పెట్టి, కాయ చూసుకోవడం నాకు అలవాటు. టిక్కీ అంటే మిర్చి నింపిన గోనె సంచి. ఇంటికొచ్చి చూసుకుంటే చొక్కా జేబులో లైసెన్సు కార్డు లేదు. వంగినప్పుడు ఏదో ఒక టిక్కీలో పడింది. దాని మూతి కుట్టేశారు. అది లారీ ఎక్కి చల్లగా వెళ్లి కూర్చుంది.

"డూప్లికేటు పెట్టుకోండి" అంది మా ఆవిడ.

"పోతే కదా డూప్లికేటు? అది ఎక్కడుందో నాకు తెలుసు."

"ఏ టిక్కీలో ఉందో తెలుసా?"

అది తెలియదు. కుట్టిన టిక్కీలన్నీ అదునుకాని వేళ కోయిస్తే కాయ రంగు పోతుంది. ధర వచ్చాక అమ్ముతాం, అప్పుడు ఎలాగూ కోస్తారు, కార్డు దానంతటదే వస్తుంది. ఇందులో తప్పేముందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ధర రాలేదు, అంతే. తర్వాతి పంట కోతకొచ్చినా పాత టిక్కీలు కదల్లేదు.

అదే చలికాలంలో మా ఆవిడ కారు నేర్చుకుంటానంది. మా కారు వాకిట్లోనే ఉన్నా, డ్రైవింగ్ స్కూల్లో చేరుతానంది. మీ దగ్గర నేర్చుకుంటే కాపురం నిలవదు అని పక్కింటావిడతో అనడం నేను విన్నాను. స్కూలువాళ్లు ఎల్లెల్లార్, అంటే నేర్చుకునేవాళ్ల లైసెన్సు, పరీక్షకు ఒక చిన్న ప్రశ్నల పుస్తకం ఇచ్చారు. రాత్రి అన్నాలయ్యాక నేను ప్రశ్నలు అడగడం, ఆమె చిక్కుళ్ల ఈనెలు తీస్తూ జవాబులు చెప్పడం.

"లైసెన్సు గడువు తీరకముందే రెన్యువల్ పెట్టుకోవచ్చా?"

"ఏడాది ముందు నుంచీ పెట్టుకోవచ్చు."

"గడువు తీరాక?"

"తీరాక ఏడాది లోపల పెట్టుకోవాలి. ఏడాది దాటితే మళ్లీ డ్రైవింగ్ టెస్టు."

"తీరిన దగ్గర్నుంచి రెన్యువల్ అయ్యేదాకా బండి నడపొచ్చా?"

"నడపకూడదు. ఇదివరకు నెల రోజులు వెసులుబాటు ఉండేదట, తీసేశారు. అవునూ, మీదెప్పటిదాకా ఉంది?"

నేను పుస్తకంలో తర్వాతి ప్రశ్న చూశాను. ఆమె చిక్కుళ్లు పక్కనపెట్టి లేచింది. బీరువాలో కారు ఇన్సూరెన్సు కాగితాల మధ్య నా లైసెన్సు జిరాక్సు ఉంది. దీపం కింద పట్టుకుని చూసి, పైట నోటికి అడ్డం పెట్టుకుంది. ముందు ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"ఏమండీ, ఇది మీకు యాభై నిండిన రోజుదాకానే."

ముప్పై దాటాక తీసుకున్న లైసెన్సది. అప్పటి చట్టంలో ఇరవై ఏళ్లు, లేదా యాభై నిండేవరకు, ఏది ముందైతే అది. అంటే పాయసం లేని ఆ రోజే నా లైసెన్సుకూ ఆఖరి రోజు. ఏడాది పొడుగునా ఆ తారీఖును తలుచుకుంటూనే, లైసెన్సు లేకుండా కారు నడుపుకుంటూ యార్డుకు వెళ్లివచ్చాను. యాభై ఒకటో పుట్టినరోజు రెండు వారాల్లో ఉంది.

అది దాటితే మళ్లీ టెస్టు. వినేవాళ్లకు ఇది చిన్న విషయంలా ఉంటుంది. మొదటిసారి లైసెన్సుకు వెళ్లినప్పుడు బ్రేకిన్‌స్పెక్టరు నన్ను మోటారుసైకిలు మీద ఎనిమిది అంకె వేయమన్నాడు. కాలు కింద పెట్టాను. "నాగలి కాదు బాబూ అది" అన్నాడు, అందరి ముందూ. మర్నాడు మా ఊళ్లో సోడాకొట్టువాడు కూడా ఆ మాట అన్నాడు. ఆ ఎనిమిది నేను మళ్లీ వేయను. అందులోనూ మా ఆవిడ కొత్తగా లైసెన్సు తెచ్చుకుని గట్టు మీద నిలబడి చూస్తుండగా అసలే వేయను.

మర్నాటి నుంచి కారు తాళాలు ఆమె కొంగున కట్టుకుంది. ఆ వారంలోనే పరీక్ష రాసి ఎల్లెల్లార్ తెచ్చుకుంది. అది ఉన్నవాళ్లు నడపాలంటే పక్కన లైసెన్సున్న మనిషి కూర్చోవాలి. ఇంట్లో ఇద్దరం ఉన్నాం. ఒకరికి సగం లైసెన్సు, ఒకరికి చచ్చిన లైసెన్సు. వాకిట్లో కారుకు రోజూ నీళ్లు కొట్టి, మేం బస్సెక్కాం.

ముందు పోలీస్ స్టేషను. రెన్యువల్‌తో పాటు పెట్టే డూప్లికేటుకు కార్డు పోయినట్టు ఫిర్యాదు కాగితం కావాలి. రాసుకునే కానిస్టేబులు నన్ను చూసి, "కూర్చోండి పెద్దాయనా" అన్నాడు. నాకు అప్పటికి యాభై ఒకటి కూడా నిండలేదు.

"ఎక్కడ పోయింది?"

"పోలేదండి. కోల్డ్ స్టోరేజీలో ఉంది."

కలం ఆగింది. "ఉంటే తెచ్చుకోండి మరి. మా దగ్గరికెందుకు?"

"తెచ్చుకోడానికి కుదరదండి. మిర్చి టిక్కీలో ఉంది."

"ఎవరన్నా పెట్టారా అందులో?"

"అదే పడిందండి."

"పడితే పోయినట్టేగా?"

"పోవడం వేరు, పడటం వేరు."

అతను మా ఆవిడ వంక చూశాడు. "అమ్మా, ఈయనతో ఎన్నేళ్లుగా ఉంటున్నారు?"

"పాతికేళ్లు దాటింది బాబూ. మీకు పది నిమిషాలేగా, ఓర్చుకోండి" అంది. తర్వాత నా వైపు తిరిగింది. ఆ గొంతు నాకు తెలుసు, వాదనకు రాదు, దగ్గరకొస్తుంది. "మీకు పోయిందని రాయడం ఇష్టంలేదు, అంతేగా? యార్డులో సరుకు చూస్తుండగా జేబులోంచి జారిందనీ, వెతికినా చేతికి దొరకలేదనీ రాయమనండి. అబద్ధం ఉందా అందులో?"

లేదు. చేతికి దొరకని మాట నిజమే. అలాగే రాయించాను. సంతకం పెట్టేటప్పుడు "పోయింది" అన్న మాట ఎక్కడైనా దూరిందేమోనని రెండుసార్లు చదివాను. కానిస్టేబులు ఫ్యాను వంక చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత డాక్టరు. నలభై దాటినవాళ్లకు ఫారం వన్-ఏ కావాలి. కళ్లు, చెవులు చూసి డాక్టరు సంతకం పెట్టే కాగితమది. మా ఆవిడ తన ఎల్లెల్లార్ కోసం అప్పటికే అక్కడికి వెళ్లి, బోర్డు మీద అక్షరాలన్నీ కింది వరసదాకా చదివి వచ్చింది. నేను వెళ్లిన రోజు మా కొత్త పంట యార్డుకు వచ్చింది. పొద్దున్నే టిక్కీల్లో చెయ్యి పెట్టి కాయ చూసుకుని, అక్కడి నుంచి నేరుగా ఆస్పత్రికి వెళ్లాను. వరండాలో కూర్చుంటే కన్ను దురద పెట్టింది. చేత్తో రుద్దుకున్నాను.

ఇక ఆ బోర్డు మీద పై అక్షరం కూడా కనపడలేదు. బోర్డే కనపడలేదు. రెండు కళ్లూ మంటలు.

"యార్డు నుంచా?" అన్నారు డాక్టరమ్మ.

"అవునండి."

"మీ మిసెస్ మొన్న చక్కగా చదివారే! మీరు రేపు రండి. చేతులు కడుక్కుని రండి."

పోలిక పెట్టి మాట్లాడటం వైద్యంలో భాగం కాదని చెబుదామనుకున్నాను. కానీ కళ్లు తెరుచుకోలేదు. మా ఆవిడ నన్ను చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి, బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టింది. దారి పొడుగునా నీళ్ల సీసాతో రుమాలు తడిపి కళ్ల మీద అద్దింది. నవ్వు ఆపుకోలేక ఆమె భుజం కదులుతుండటం నాకు తెలుస్తూనే ఉంది. మర్నాడు ఆమే సబ్బు ఇచ్చి, నేను చేతులు రుద్దుకుంటుంటే దగ్గర నిలబడింది. నేను కింది వరసదాకా చదివాను, డాక్టరమ్మ ఆపమన్నా ఆపకుండా.

నెట్ సెంటర్లో దరఖాస్తు పెట్టేటప్పుడు రెన్యువల్, డూప్లికేటు, చిరునామా మార్పు మూడూ ఒకేసారి పెట్టొచ్చని అక్కడి అమ్మాయి చెప్పింది. మూడోది వద్దన్నాను. నా కార్డు మీద ఇంకా దర్శి పక్క మా ఊరే ఉంది. మంగళగిరిలో ఇంటి గృహప్రవేశం నాడు, ఇప్పుడు ఊళ్లో ఆ ఇంట్లో ఉంటున్న మా చిన్నాన్న కొడుకు పప్పన్నం తింటూ, "ఇంకేముందిలే అన్నా, నువ్వు మా ఊరివాడివి కాదుగా" అన్నాడు. అది విన్నాక చిరునామా ఎలా మారుస్తాను?

"కార్డు పోస్టులో ఎక్కడికి వెళ్తుందమ్మా?" అని మా ఆవిడ ఆ అమ్మాయిని అడిగింది.

"కార్డు మీదున్న చిరునామాకేనండి."

"అంటే ఈయన తమ్ముడి వాకిట్లోకి." నా వైపు చూసింది. "వెళ్లి ఆయన్ని బతిమాలి తెచ్చుకుంటారా?"

మూడూ పెట్టించాను. చిరునామాకు ఆధార్ సరిపోయింది, అందులో మంగళగిరే ఉంది. ఇంకా మూడు రోజులు మిగిలాయి. స్లాటు ఆ మర్నాటికే దొరికింది. ఆర్టీవో ఆఫీసులో కాగితాలు చూసిన గుమాస్తా, "ఇన్నాళ్లూ అడ్రసు మార్చుకోలేదేమండీ?" అన్నాడు. గృహప్రవేశం నుంచి మొదలుపెట్టాను. "వెనక లైనుందండి" అన్నాడు. ఫొటో తీశారు, సంతకం తీసుకున్నారు. టెస్టు లేదు, ఎనిమిది లేదు. వెనక గ్రౌండులో ఎవరో కుర్రాడు ఎనిమిది వేస్తూ కాలు పెట్టాడు. నేను వాడి వంక చూడలేదు, వాడికి ఆ మర్యాద చేశాను.

కార్డు మంగళగిరి ఇంటికే వచ్చింది. అరవై నిండేదాకా గడువు. నా వయసువాళ్లకు ఇప్పటి లెక్క అదేనట.

ఆ వేసవిలో ధర కాస్త లేచింది. పాత టిక్కీలు తీయించాం. ఒకరోజు కమిషన్ కొట్టు నుంచి ఫోను. "బాబాయ్, మీ ఫొటో మిరపకాయల్లో దొరికింది!"

ఇంటికి తెచ్చి మా ఆవిడ చేతిలో పెట్టాను. "పోలేదన్నానా?" అన్నాను. ఈ ఒక్క మాట కోసం ఏడాదికి పైగా ఆగాను. ఆమె జవాబు చెప్పబోయి తుమ్మింది. మళ్లీ తుమ్మింది. కార్డు ఎర్రగా, ఘాటుగా ఉంది. కొంగుతో తుడిచి, ఆ ఫొటోలో నల్లటి మీసాలున్న మనిషిని చాలాసేపు చూసింది.

"ఇది ఆఫీసులో ఇచ్చెయ్యాలి. డూప్లికేటు వచ్చాక పాతది దొరికితే ఉంచుకోకూడదు" అంది.

"తెలుసు."

"ఒక్క జిరాక్సు తీయించి ఇద్దాం."

"ఎందుకు? ఉన్న జిరాక్సు చాలదా?"

"అందులో మీసాలు సరిగా పడలేదు."

కారు తనే నడిపింది, ముందూ వెనకా ఎర్ర ఎల్ అంటించుకుని. లైసెన్సున్న మనిషిగా నేను పక్కన కూర్చున్నాను. జిరాక్సు కొట్టు దగ్గర ఆపమన్నాను. ఆపింది. కాస్త ముందుకెళ్లి ఆపింది, ఆ సంగతి నేను గుర్తుపెట్టుకున్నాను.