సోమవారానికి ఎన్ని డబ్బాలు

పాలమూరులో మధ్యాహ్నం ఆఫీసు బల్ల మీద వేడివేడిగా బువ్వ తినేవాళ్ళకు సింధూజ పేరు తెలుసు, వంటగది మాత్రం తెలియదు. దానికి బోర్డు లేదు, కూర్చుని తినడానికి జాగా లేదు. కిరాయికి తీసుకున్న రెండు గదులు, రెండు పెద్ద పొయ్యిలు, ఒక ఫోను. బేరమంతా ఆ ఫోనులోనే.

కరోనాలో ప్రైవేటు బడి మూతపడితే సింధూజ టీచరు కొలువు పోయింది. నారాయణపేటలో మగ్గం అమ్మేసి తల్లి రాజమణి కూతురి దగ్గరికి వచ్చేసింది. సింధూజకు వంట అంతంత మాత్రం. రాజమణికి జీవితమంతా నూలు కండెలు చుట్టడమే సరిపోయింది, చారు పెడితే ఉప్పు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు మరిచిపోవడం. కాబట్టి ఈ వ్యాపారం నిలబడిందంటే అది బిక్షమ్మ చేతి చలవ. పెళ్ళిళ్ళ వంటల్లో గిన్నెలు తోమడానికి పోయి, తోముతూ తోముతూ వంట పట్టేసిన మనిషి. ఆ పెళ్ళిళ్ళలో ఆమెను గరిటె మాత్రం ముట్టనిచ్చేవారు కాదు. ఎందుకని అడగక్కరలేదు, మన ఊళ్ళలో పుట్టినవాళ్ళకు చెప్పకుండానే తెలుస్తుంది.

శనివారం పొద్దున సింధూజ వారం మెనూ పోస్టు చేసేది. సోమవారం పుంటికూర పప్పు, మంగళవారం ఆలుగడ్డ వేపుడు, బుధవారం కోడికూర, వద్దన్నవాళ్ళకు గుత్తొంకాయ, గురువారం పచ్చిపులుసు, శుక్రవారం బగార అన్నం. కింద ధర, ఏయే ఆఫీసులకు తెచ్చిస్తారో, ఏ నంబరుకు డబ్బు పంపాలో. “ఆదివారం సాయంత్రం ఆరులోపు చెప్పండి. సెలవు పెడితే ముందురోజే చెప్పండి, ఆ డబ్బా పై వారానికి కలుపుతాం.” నంబరు సేవ్ చేసుకోనివాళ్ళకు ఒకేసారి పంపే మెసేజీ చేరదు కనుక, సేవ్ చేసుకొమ్మని ప్రతి పోస్టులో బతిమాలుకునేది. ఆదివారం ఆరు దాటగానే పొయ్యి దగ్గర్నుంచి బిక్షమ్మ కేకేసేది: “సోమారానికి ఎన్ని డబ్బాలే బిడ్డా? బియ్యం ఎంత కడగాలె?” ఆ కేక వింటే సింధూజకు వారం మొదలైనట్టు ఉండేది.

మొదట్లో ఒక మెసేజీ వచ్చింది. “మెనూ బాగుందండి. వంట ఎవరు చేస్తారు? మీవాళ్ళేనా?”

అడిగింది వంట గురించి కాదని సింధూజకు బాగా తెలుసు. బడిలో పిల్లలకు మనుషులంతా ఒక్కటేనని పాఠం చెప్పిన నోరు ఆమెది. వేళ్ళు మాత్రం “మా అమ్మే చేస్తుందండి” అని టైపు చేశాయి. ఆర్డరు వెంటనే వచ్చింది. ఒక్కసారి అబద్ధం గిరాకీ తెచ్చిపెడితే దాన్ని వదలడం ఎవరి తరం? పై వారం మెనూకు పైన పెద్దక్షరాలతో “అమ్మ చేతి వంట” అని పెట్టింది. ఆ తర్వాత వీడియో. రాజమణికి నారాయణపేట చీర కట్టించి, చేతికి గరిటె ఇచ్చింది.

“జర పక్కకు జరుగు అక్కా, వీడియోల పడుతవ్.”

బిక్షమ్మ జరిగింది. జరిగి, గోడవారగా నిలబడి, “గరిటె గట్ల పట్టకమ్మా, ఆవిరి తగుల్తది, చెయ్యి గాల్తది” అని రాజమణికి జాగ్రత్త చెప్పింది. ఆ మాట వీడియోలో పడితే సింధూజ దాన్ని కోసేసింది.

డబ్బాలు పెరిగాయి. అందరికంటే ఎక్కువ తెప్పించుకునేది ఒక సర్కారు ఆఫీసు. అక్కడి సూపరింటెండెంటు దీప్తి మేడం ఫోన్ చేసింది. “మహిళా దినోత్సవం నాడు మీ అమ్మను తీసుకురామ్మా. ఇన్ని రోజులు మా కడుపు నింపింది, శాలువా కప్పుతాం.”

రాజమణి మొత్తుకుంది. “నాకెందుకే శాలువ? నేను పొయ్యి దిక్కన్న సూస్తనా?”

“ఒక్క గంట కూసొని రామ్మా. నువ్వు రాకుంటె ఏం జెప్పాలె నేను?”

తీసుకుపోయింది. చప్పట్ల మధ్య శాలువా రాజమణి భుజాల మీద పడింది. ఫోటోకు నవ్వుతూ సింధూజ తలెత్తేసరికి, వెనక వరుసలో కంప్యూటర్ ఆపరేటర్ల మధ్య ఒక పిల్ల కనిపించింది. వానరోజుల్లో తల్లిని స్కూటీ మీద ఎక్కించుకుపోవడానికి వంటగది గుమ్మం దాకా వచ్చిన రూప. బిక్షమ్మ కూతురు. ఆమె ఎక్కడ పనిచేస్తుందో సింధూజ ఏనాడూ అడిగి తెలుసుకోలేదు. రూప అందరితో పాటు చప్పట్లు కొడుతోంది. సింధూజ కళ్ళలోకి చూస్తూనే కొడుతోంది. అరిచినా, లేచి బయటికి వెళ్ళిపోయినా ఇంత సిగ్గయ్యేది కాదు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, తల్లి భుజం మీది శాలువా సర్దుతూ నిలబడింది.

మర్నాడు బిక్షమ్మ వేళకే వచ్చింది. “శాలువ మంచిగున్నదా అమ్మా?” అని అడిగింది. గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండునని సింధూజకు అనిపించింది. రాజమణి శాలువా తెచ్చి ఆమె చేతుల్లో పెట్టబోయింది. “ఇది నీదే బిక్షమ్మా, నాకు కప్పిండ్రు గంతే.”

“ఎండకాలం వస్తాంది. నాకెందుకమ్మా శాలువ?” అని బిక్షమ్మ ఉల్లిగడ్డలు ముందేసుకుంది. శాలువా బియ్యం బస్తా మీద పడి ఉంది. ఆ వారమంతా సింధూజ దాన్ని తీయలేదు, దాని వైపు చూడనూ లేదు.

శనివారం సింధూజ మెనూ పెట్టలేదు. ఆదివారం మధ్యాహ్నం బిక్షమ్మ పక్కన కూర్చుని ఫోను చూపించింది. పొయ్యి దగ్గర బిక్షమ్మ ఫోటో. కింద “మా వంట బిక్షమ్మది. మొదటినుంచీ ఆమెదే. మా అమ్మ అని చెప్పింది అబద్ధం” అని ఉంది. దాని కింద వారం మెనూ.

బిక్షమ్మ చాలాసేపు చూసింది. “ఫోటోల మంచిగనే వడ్డ. గిది పెడితె ఆర్డర్లు తగ్గుతయా?”

“ఏమో అక్కా.”

“తగ్గితె ముందుగల పొయ్యేది నా పనే గద. నీ మనసు తేలికయ్యెతందుకు నా పొయ్యి ఆర్పుతవా బిడ్డా?”

సింధూజ ఫోను వెనక్కి తీసుకుంది. తప్పు దిద్దుకుంటున్నానని ఇంతసేపూ లోలోపల కాస్త మురిసిపోయింది కూడా. ఆ మురిపానికి ఇప్పుడు ఇంకా సిగ్గేసింది.

“పెట్టను అక్కా, తీసేస్త.”

బిక్షమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. “రూప నాతోని మాట్లాడుతలేదు. ఆడ చప్పట్లు కొట్టొచ్చి ఇంట్ల ఏడ్సింది. పక్కకెందుకు జరిగినవే అమ్మా అని అడిగింది. ఏం జెప్పాలె?” సింధూజ చేతిలోని ఫోను వైపు చూపించింది. “పెట్టు. పెట్టినంక ఎవలేమన్నా మల్ల తియ్యకు. గదొక్కటే.”

పెట్టింది. మామూలుగా ఆ వేళకు ఫోను ఊపిరి తీసుకోనివ్వదు. ఇవాళ చూసినవాళ్ళ సంఖ్య పెరుగుతోంది, మెసేజీలు లేవు. చివరికి పాత గిరాకీ ఒకరి మెసేజీ మోగింది. “ఇన్నాళ్ళూ అమ్మ అన్నారు కదండీ?”

“అబద్ధం చెప్పానండి” అని రాసింది. చదివినట్టు నీలం గుర్తులు పడ్డాయి. అటునుంచి ఇంకేమీ రాలేదు. దీప్తి మేడం కూడా చూసింది, ఏమీ అనలేదు.

ఆరు దాటింది. ఆర్డరు ఒక్కటీ రాలేదు. లోపల బిక్షమ్మ పెద్ద గిన్నె దించిన చప్పుడైంది.

“సోమారానికి ఎన్ని డబ్బాలే బిడ్డా? బియ్యం ఎంత కడగాలె?”

సింధూజ ఫోను చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడింది. గుమ్మం దాటి లోపలికి పోయి, ఆ మనిషి ముఖం చూసి ఆ లెక్క చెప్పడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.