కింద ఒక్క మాట: అప్లై

మా నేతవాళ్ల దేవుడు మార్కండేయుడి రథం మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను, ఇందులో అక్షరం అబద్ధం లేదు. నా నోట ఈ ఒట్టు విన్నవాళ్లు అశోక్ చౌక్‌లో చాలామందే ఉన్నారు. వాళ్లు నవ్వుకుంటారు. సాంచా, అదే మరమగ్గం, నడుపుతూ కునుకు తీస్తే నా కలంతా చాదర్ మీద డిజైనై పడిందని, సేటు దాన్ని ఎక్కువ ధరకు అమ్ముకున్నాడని చెప్పింది నేనే మరి. ఇది ఆ రకం కాదు.

ఆ ఆదివారం కార్ఖానాకు సెలవు. సాంచాల చప్పుడు లేకపోతే నాకు నిద్ర పట్టదు, ఉంటే మెలకువగా ఉండలేను. చాప మీద అటూ ఇటూ దొర్లుతుంటే ఫోన్ మోగింది. బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో ఉండే మా చెల్లెలు ఒక ప్రకటన పంపింది. ఎంఐడీసీ పారిశ్రామికవాడలోని టవళ్ల కార్ఖానాకు ఆడవాళ్లు కావాలి. చెకింగ్‌కు అనుభవం ఉన్నవాళ్లు, ప్యాకింగ్‌కు కొత్తవాళ్లు. సోమవారం పొద్దున నేరుగా రావాలి. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, అనుభవానికి రుజువు, పాత పీఎఫ్ నంబరు ఉంటే అదీ తేవాలి. కింద ఆమె రాసింది ఒక్కటే మాట: అప్లై.

వెంటనే ఫోన్ కూడా చేసింది.

"సూసినవా అన్నా? నీ ఫోన్ల అడిగితె అన్ని రాసిస్తదంటివి గదా. జర ఆ పని జెయ్. నా వేళ్లు ఇగ వంగుతలేవు. తంబాకు వాసన లేని పని ఒక్కటి దొరికితె సాలు నాకు."

"చెకింగా, ప్యాకింగా?"

"చెకింగే. కూసుండి సూసే పని. ప్యాకింగంటె దినమంత నిలవడాలె, నా మోకాళ్లతోని అయితదా?"

చెల్లెలు పెళ్లయిన మర్నాటి నుంచీ బీడీలు చుడుతోంది. మధ్యాహ్నాలు ఇంట్లోనే, ఒక సేటు ఇచ్చే టవళ్లకు అంచులు కుడుతుంది. ఆ రెంటికీ మధ్య దగ్గుతుంది.

నాకూ రాయడానికి ఓపిక లేదు. ఆ ప్రకటననూ, దాని కింది ఒక్క మాటనూ ఉన్నదున్నట్లు ఎత్తి ఫోన్లోని ఏఐకి పెట్టాను. అది ఉత్తరం రాసిస్తుందనుకున్నాను. రాయలేదు. తాను ఎవరి తరఫునా దరఖాస్తు పంపలేనని మొదట చెప్పింది. ఈ ప్రకటన ఉత్తరం అడగడం లేదు, మనిషిని రమ్మంటోంది, కాబట్టి ముందు తీసుకెళ్లాల్సినవి చూసుకోండి అని నాలుగు వరసలు ఇచ్చింది. ఆ తర్వాత ప్రశ్నలు. ఉద్యోగం ఎవరికి? చెకింగ్‌కా, ప్యాకింగ్‌కా? పని చేసిన చోటు నుంచి రాయించుకున్న కాగితం ఏదైనా ఉందా? పీఎఫ్ నంబరు ఆమె పేరు మీదే, ఆధార్‌లో ఉన్నట్లే ఉందా? చివర, ఉత్తరం కూడా కావాలంటే ఈ సంగతులు చెప్పండి, రాస్తాను అంది.

మాకు ఇన్ని ప్రశ్నలు అలవాటు లేదు. మా ఇళ్లలో ఆడవాళ్లను అడగాల్సిన ప్రశ్నకు మగవాడే జవాబు చెప్పేస్తాడు, రేషన్ దుకాణం నుంచి ఆసుపత్రి దాకా. నేనూ చెప్పేశాను. చెకింగ్‌కు. కాగితాలు అన్నీ ఉన్నాయి. నంబరు ఆమెదే. అసలైన వంట ఆ తర్వాత మొదలైంది. ఎగుమతి టవళ్ల చెకింగ్‌లో ఇరవై ఏళ్ల అనుభవం, పోగు తెగితే చీకట్లో కూడా పట్టేస్తుంది, దుబాయి వర్తకులు వెతుక్కుంటూ వచ్చారు, ఇవన్నీ పెట్టి ఉత్తరం రాయమన్నాను. నేను చెప్పినవి పెట్టి, ఇక్కడి ఆఫీసుల భాష మరాఠీలో రాసిచ్చింది. అడిగితే నిలబడే మాటలే ఉంచుకోండి అని కింద ఒక హెచ్చరిక కూడా పెట్టింది. నేను హెచ్చరికను వదిలేసి ఉత్తరం ప్రింటు తీయించాను. ఆధార్, పాస్‌బుక్, పీఎఫ్ నంబరున్న బీడీ కార్డు పట్టుకొని రమ్మని చెల్లెలికి చెప్పాను. ఇంకేమీ అడగలేదు.

సోమవారం కార్ఖానా ఆఫీసులో ఉత్తరాన్ని గర్వంగా బల్ల మీద పెట్టాను. క్లర్కు నడివయసువాడు, కళ్ల కింద మా అందరికీ ఉన్న నలుపే ఉంది. ఉత్తరం పక్కకు జరిపి ఆధార్ తీసుకున్నాడు. బీడీ కార్డు మీది నంబరు కంప్యూటర్లో కొట్టాడు. మళ్లీ కొట్టాడు.

"తాయి, హా నంబర్ తుమ్‌చా నాహీ," అని మరాఠీలో అని, మళ్లీ తెలుగులో చెప్పాడు. "అక్కా, ఇది మీ నంబరు కాదు. వేరే ముసలామె పేరు వస్తున్నది."

చెల్లెలు తడుముకోలేదు. "మా అత్తది. కార్డు ఆమె పేరు మీదున్నది. ఆమె చేతులు పడిపోయినంక ఆ కార్డు మీద చుట్టేది నేనే."

విడీ ఘర్కుల్‌లో ఇదేమీ వింత కాదు. కార్డు అత్తది, వేళ్లు కోడలివి. కొత్త కార్డు అంత సులువుగా రాదు గనుక పాతదే నడుస్తుంది. అందరికీ తెలిసిందే. నాకూ తెలుసు. ఫోన్ అడిగినప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

క్లర్కు ఇప్పుడు ఉత్తరం అందుకున్నాడు. "ఇరవై ఏళ్ల చెకింగ్ అని రాసినరు. ఏ కార్ఖానా?"

చెల్లెలు నా వైపు చూసింది. నేను గోడ మీది క్యాలెండర్ చూశాను.

"ఏ కార్ఖానా లేదు సాబ్. టవళ్ల అంచులు ఇంట్ల కుట్టిన. బీడీలు చుట్టిన. గంతే."

"దానికి కాగితం?"

"లేదు."

అతను కోప్పడలేదు. విసుక్కోవడానికీ ఓపిక ఉండాలి కదా. ఇంకొకరి నంబరు పెట్టకూడదని, ఆమె పేరు మీద ఇంతవరకు పీఎఫ్ లేదు గనుక కొత్త నంబరు తీయాలని చెప్పాడు. రుజువు లేదు గనుక చెకింగ్ కుదరదు, కాగితం రేపు తెస్తామన్నా అది ఈ రోజే నిండిపోతుంది. ప్యాకింగ్‌లో కొత్త మనిషిగా చేరతానంటే వేలిముద్ర వేయమన్నాడు. చెల్లెలు బొటనవేలు యంత్రం మీద పెట్టింది. పట్టలేదు. బీడీలు చుట్టీ చుట్టీ గీతలు అరిగిపోయాయి. కొంగుతో తుడిచి, ఇంకో వేలు పెడితే పట్టింది.

తిరుగు ఆటోలో నన్ను దులిపేసింది. "దుబాయి వర్తకులా? నేను జోడ్‌భావి పేట్ దాటి ఎన్నడన్న పోయిన్నా? చీకట్ల పోగు కనవడతదా, నేనేమన్న పిల్లినా? సేటు దగ్గర కుడుతున్ననని నాల్గు ముక్కలు రాయించుకొస్తుంటి గదరా, ఒక్కమాట అడగకపోతివి! నీ నోట్ల నాలుకున్నదా, సాంచల కండె తిరుగుతున్నదా?" ఆటోవాడు నవ్వాపుకోలేక రెండు గతుకుల్లో పడేశాడు.

ఇప్పుడామె ఆ కార్ఖానాకు పోతోంది. రోజంతా నిలబడి టవళ్లు మడతపెడుతుంది. తంబాకు వాసన లేదు. రాత్రికి మోకాళ్లకు నూనె రాసుకుంటుంది.

ఇక ఒట్టు సంగతి. ఆటోలో ఆమె తిట్టిందన్నది నా కల్పన. పిల్లి, కండె, ఆటోవాడి నవ్వు, అన్నీ. సేటు దగ్గర రాయించుకొచ్చేదాన్ని అన్న మాట ఒక్కటే నిజం, అదీ ఇల్లు చేరాక, చెప్పులు విడుస్తూ, ఇంట్లో ఉప్పు నిండుకుందని చెప్పినట్లుగా అంది. తర్వాత బీడీల చాట ముందేసుకొని కూర్చుంది. నానబెట్టిన తునికాకు ఎండిపోతుందని, ఆ పూటకు చుట్టాల్సినవి ఇంకా ఉన్నాయని.